ఇరవై నిమిషాల ప్రసంగం, ఐదు వేల పదాల అధ్యాయం

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ వరద గురించి ఒక చరిత్ర అధ్యాపకురాలు ఏదో సదస్సులో 24 స్లైడ్లు చూపిస్తూ ఇరవై నిమిషాలు మాట్లాడారనుకుందాం. విన్న సంపాదకుడొకరు దాన్ని తన పుస్తకానికి అధ్యాయంగా రాసిమ్మన్నారు. 5,000 పదాలు మించకూడదు. ముందుగా ఒక పేజీ ప్రణాళిక కావాలి: ఏ భాగం ఏం సాధిస్తుంది, అది ఎన్ని పదాలు?

ఇలాంటప్పుడు చాలామంది స్లైడ్ల శీర్షికలను వరసగా ఎక్కించేసి అదే ప్రణాళిక అంటారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. స్లైడ్ల వరస సభలో కూర్చున్నవారి కోసం పేర్చింది. కూలిన వంతెనల ఫొటోలు ముందొస్తాయి, ఎందుకంటే చూపు నిలబెట్టాలి. రెండు స్లైడ్ల మధ్య ఉండే కారణం ఎక్కడా రాసి ఉండదు, వక్త నోటితో చెప్పేస్తారు. పాఠకుడికి ఆ నోటిమాట అందదు.

అందుకే అధ్యాపకురాలు మొదట 24 స్లైడ్లనూ చిన్న బొమ్మలుగా అచ్చు తీసి, ఒక్కోదాని పక్కన ఒక పూర్తి వాక్యం రాయాలి. శీర్షిక కాదు, క్రియ ఉన్న వాక్యం. ‘విశ్వేశ్వరయ్య నివేదిక’ అంటే కుదరదు. ‘వరదను నగరంలో కాక ఎగువనే ఆపాలని విశ్వేశ్వరయ్య సూచించారు’ అంటే అది రుజువు చేయాల్సిన మాట అవుతుంది. ఏ వాక్యమూ పుట్టని స్లైడ్లు కొన్ని తేలతాయి. శీర్షిక, విషయసూచిక, ధన్యవాదాలు ఎలాగూ పోతాయి. వరద ఫొటోలు ఎనిమిదున్నా వాటన్నిటికీ కలిపి వచ్చే వాక్యం ఒక్కటే: నష్టం ఊహకందనిది.

ఇప్పుడు వాక్యాలను కత్తిరించి, ఏది దేనికి కారణమో చూసుకుంటూ కుప్పలు వేయాలి. ఈ ఉదాహరణలో ఐదు కుప్పలు తేలాయి. ఒక్కో దానికి లక్ష్యం రాసేటప్పుడు ‘గురించి’ అనే మాట వాడకూడదని నియమం పెట్టుకుంటే మేలు. ‘చెరువుల గురించి’ అనేది లక్ష్యం కాదు. ‘ఎగువ చెరువులకు పడిన గండ్లు వరదను ఎలా పెంచాయో పాఠకుడికి అర్థం కావాలి’ అన్నది లక్ష్యం.

నిడివి దగ్గర మరో పొరపాటు జరుగుతుంది. స్లైడ్లు ఎక్కువున్న భాగానికి పదాలూ ఎక్కువ ఇచ్చేస్తారు. కొలవాల్సింది రుజువు బరువు. ఎనిమిది ఫొటోల భాగానికి 600 పదాలు చాలు. చెరువుల గండ్లకు 1,100 కావాలి. విశ్వేశ్వరయ్య సూచనకు ప్రసంగంలో ఒకే స్లైడు, అందులో మూడు ముక్కలు. కానీ అధ్యాయానికి వెన్నెముక అదే. ఎగువనే జలాశయాలు ఎందుకు, 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్ ఆ సూచనకు ఎంత దగ్గరగా ఉన్నాయి, తాగునీటి అవసరం అందులోకి ఎలా వచ్చి చేరింది, ఒక్కోదానికీ ఆధారాలు చూపాలి. దీనికి 1,500. వరద తర్వాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి నదీతీరాన్ని ఎలా మార్చిందో చెప్పడానికి 1,100. చివరగా 2020 అక్టోబరు వరదలతో పోలికకు 400. ఈ పోలిక సభలో చప్పట్లు కొట్టించి ఉండవచ్చు. అయినా దాన్ని పెంచితే అది వేరే అధ్యాయమవుతుంది.

కూడితే 4,700. మిగిలిన 300 కావాలనే వదిలిపెట్టినవి.

పంపే ముందు ఐదు లక్ష్యాలనే వరసగా, బయటికి చదవాలి. నష్టం, దానికి కారణం, ప్రతిపాదన, నగరంలో మార్పు, నేటి పరీక్ష: ఇవి ఒకే వాదంగా సాగుతున్నాయా? రెండు లక్ష్యాలను అటూ ఇటూ మార్చినా తేడా తెలియకపోతే వాటి మధ్య కారణం ఇంకా దొరకలేదన్నమాట. అలాగే ఏదైనా లక్ష్యానికి ఒక్క ఆధారం పేరూ పక్కన రాయలేకపోతే, ఆ నిడివి ఉత్త ఊహ. చెరువుల భాగంలో ఇలా జరిగే ప్రమాదం ఎక్కువ. సభలో ‘గండ్లు పడ్డాయి’ అంటే సరిపోయింది. పుస్తకంలో ఏ చెరువు, ఏ నివేదిక అని అడుగుతారు. దొరక్కపోతే ఆ 1,100ను 700కి కుదించి, వాదాన్నీ అంతమేరకే చెప్పాలి.

ఇక ఫొటోలు. సదస్సులో చూపించిన బొమ్మను అచ్చు వేయాలంటే హక్కుదారు ఎవరో తేల్చుకుని, అవసరమైతే అనుమతి తీసుకోవాలి. అది రాకపోతే బొమ్మ చెప్పాల్సిన పని వాక్యాలు చేయాలి. అఫ్జల్‌గంజ్ వంతెన దగ్గరి దృశ్యాన్ని మాటల్లో కట్టడానికి 150 పదాలైనా పడతాయి. అవి ఆ 300 నుంచే తీసుకోవాలి.