మార్చి 31 నాటి వడ్డీ, అందులో కోత పడిన పన్ను

ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద వడ్డీ రోజురోజుకూ పుడుతుంది, చేతికి మాత్రం ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఈ రెంటి మధ్య ఆర్థిక సంవత్సరం ముగిసిపోతే, మార్చి 31 వరకు పుట్టి ఇంకా అందని వడ్డీని ఆ ఏడాది ఆదాయంగానే పద్దు రాయాలి. లెక్కల భాషలో ఇది రావలసిన వడ్డీ. ఇంతవరకు చిక్కేమీ లేదు. ఆ వడ్డీలోంచి బ్యాంకు ముందుగానే ఆదాయపు పన్ను కోసి ప్రభుత్వానికి కట్టేయడంతో పద్దు కాస్త మెలిక పడుతుంది. ఒకే వడ్డీ మూడు చోట్ల కనబడుతుంది: ఆదాయంగా, బ్యాంకు ఇవ్వాల్సిన బాకీగా, ప్రభుత్వం దగ్గర జమ అయిన పన్నుగా. మూడూ ఒకదానితో ఒకటి కలవాలి.

ముందు బ్యాంకు ఏం చేస్తుందో చూడాలి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 194ఎ ప్రకారం, వడ్డీని ఖాతాకు జమ చేసినప్పుడు గానీ చెల్లించినప్పుడు గానీ, ఏది ముందైతే అప్పుడు బ్యాంకు పన్ను కోయాలి. డిపాజిటర్ ఖాతాలో వేయకుండా తన పుస్తకాల్లో ‘చెల్లించవలసిన వడ్డీ’ అనే పద్దులో పెట్టినా అది జమ కిందకే వస్తుంది. అలాగని బ్యాంకు కంప్యూటర్ తన లోపలి లెక్క కోసం రోజూ చేసుకునే కేటాయింపు మీద రోజూ పన్ను కోయనక్కర్లేదు. సీబీడీటీ 2010లో ఇచ్చిన 3వ సర్క్యులర్ ఈ సంగతి తేల్చింది. ఆర్థిక సంవత్సరం చివర గానీ, బ్యాంకు పాటించే కాలవ్యవధి ప్రకారం గానీ కోస్తే చాలు. అందుకే కొన్ని బ్యాంకులు మార్చి 31న, అప్పటికి పుట్టిన వడ్డీ మీద కూడా టీడీఎస్ కోస్తాయి. ఇది డిపాజిటర్ కంటికి వెంటనే ఆనదు. పాస్‌బుక్కులో వడ్డీ జమ పడి ఉండదు, పన్ను మాత్రం పోయి ఉంటుంది.

పాన్ ఇచ్చినవారికి కోత నూటికి పది, ఇవ్వనివారికి నూటికి ఇరవై. 2025 ఏప్రిల్ 1 నుంచి ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50,000 రూపాయలు దాటితేనే కోత పడుతుంది. సీనియర్ సిటిజన్లకు ఆ పరిమితి లక్ష రూపాయలు. ఆ గీత దాటితే, దాటిన భాగం మీద కాదు, మొత్తం వడ్డీ మీద కోస్తారు. ఏడాది మొత్తంలో ఎంత వడ్డీ వస్తుందో బ్యాంకు కంప్యూటర్ ముందే అంచనా కడుతుంది కాబట్టి, మొదటి విడత వడ్డీ తక్కువే అయినా దాని మీదే కోత మొదలవుతుంది.

విజయవాడలో ఒక చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఉందనుకుందాం. అది 2025 నవంబర్ 1న 20,00,000 రూపాయలు ఏడాది కాలానికి డిపాజిట్ చేసింది. వడ్డీ ఏడు శాతం, మూడు నెలలకోసారి అసలులో కలుస్తుంది. కంపెనీ లెక్కలు మార్చి 31న ముగుస్తాయి. కంపెనీల చట్టం ప్రకారం, డబ్బు అందినా అందకపోయినా వచ్చిన హక్కును బట్టే కంపెనీ ఆదాయం రాయాలి. కాబట్టి వడ్డీ వచ్చే నవంబర్లో చేతికొచ్చినప్పుడు చూసుకుందాం అనే వెసులుబాటు దీనికి లేదు.

2026 ఫిబ్రవరి 1కి మొదటి మూడు నెలలు పూర్తయ్యాయి. వడ్డీ 35,000. అందులో 3,500 పన్ను కోసి, మిగిలిన 31,500ను బ్యాంకు అసలులో కలిపింది. డిపాజిట్ 20,31,500 అయింది. ఇక్కడి పద్దు తేలికే. డిపాజిట్ ఖాతాకు 31,500, టీడీఎస్ ఖాతాకు 3,500 డెబిట్ రాసి, వడ్డీ ఆదాయానికి 35,000 క్రెడిట్ రాస్తే సరి.

అసలు సంగతి మార్చి 31న మొదలవుతుంది. ఫిబ్రవరి 1 నుంచి మార్చి 31 వరకు 59 రోజులు. 20,31,500 మీద ఏడు శాతం చొప్పున 59 రోజులకు వడ్డీ 22,987 రూపాయలు. ఇది ఇంకా డిపాజిట్‌లో కలవలేదు, మే 1న గానీ కలవదు. అయినా ఈ ఏడాది ఆదాయమే. బ్యాంకు ఆ రోజే దీని మీద 2,299 టీడీఎస్ కోసిందనుకుంటే, సంవత్సరాంతపు జర్నల్ ఎంట్రీ ఇలా ఉంటుంది:

రావలసిన వడ్డీ ఖాతా — డెబిట్ 20,688
టీడీఎస్ ఖాతా — డెబిట్ 2,299
వడ్డీ ఆదాయం ఖాతా — క్రెడిట్ 22,987

బ్యాంకు కోయకుండా వదిలేసి ఉంటే 22,987 మొత్తం రావలసిన వడ్డీ ఖాతాకే డెబిట్ పడుతుంది, టీడీఎస్ ఖాతాలో ఏమీ రాదు. పది శాతం ఎలాగూ కోస్తారు కదా అని అంచనాతో టీడీఎస్ రాసేయడం చాలా ఆఫీసుల్లో జరిగే పొరపాటు. కోయని పన్నును కోసినట్టు రాస్తే, ప్రభుత్వం దగ్గర లేని డబ్బు కంపెనీ ఆస్తిగా కనబడుతుంది. ఈ రెంటిలో ఏది జరిగిందో బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్‌లోనూ, ఫారం 26ఏఎస్‌లోనూ తెలుస్తుంది. 26ఏఎస్‌లో మార్చి 31 తేదీ మీద 22,987 జమ, 2,299 కోత అని ఒక వరుస ఉంటే బ్యాంకు కోసినట్టు. లేకపోతే కోయలేదు.

అయితే ఆ వరుస ఏప్రిల్ మొదటి వారంలో కనబడదు. మార్చిలో కోసిన పన్నును బ్యాంకు ఏప్రిల్ 30 వరకు కట్టవచ్చు, ఆ మూడు నెలల టీడీఎస్ రిటర్న్‌ను మే 31 వరకు దాఖలు చేయవచ్చు. దాని తర్వాతే 26ఏఎస్ నిండుతుంది, ఫారం 16ఏ వస్తుంది. లెక్కలు తొందరగా ముగించాలంటే బ్యాంకు శాఖ నుంచి వడ్డీ సర్టిఫికెట్ తెచ్చుకుని దాని మీద ఎంట్రీ రాయాలి. జూన్‌లో 26ఏఎస్‌తో ఒకసారి సరిచూసుకోవాలి.

రాసిన పద్దు సరిపోయిందో లేదో చూసుకోవడానికి మంచి లెక్క ఒకటుంది. ఆ ఏడాది కంపెనీ వడ్డీ ఆదాయం 35,000, 22,987 కలిపి 57,987. బ్యాలెన్స్ షీట్‌లో డిపాజిట్ 20,31,500, రావలసిన వడ్డీ 20,688, టీడీఎస్ 5,799. ఈ మూడు కలిపితే 20,57,987. అంటే వేసిన ఇరవై లక్షలు, వచ్చిన మొత్తం వడ్డీ. ఈ కూడిక తేడా వస్తే ఎక్కడో ఒక కాలు తప్పినట్టే. ఎక్కువగా తప్పేది టీడీఎస్ దగ్గరే.

ఎలా తప్పుతుందంటే, చేతికొచ్చిన నికర మొత్తాన్నే ఆదాయంగా రాసేస్తారు. స్టేట్‌మెంట్‌లో డిపాజిట్ 31,500 పెరిగిందని కనబడుతుంది, అంతే రాస్తారు. మార్చి 31న నికరంగా 20,688 వేస్తారు. ఆదాయం 52,188 అని తేలుతుంది, 5,799 పుస్తకాల్లోంచి మాయమవుతుంది. చట్టం సెక్షన్ 198లో దీన్ని నేరుగానే చెప్పింది. కోసిన పన్ను కూడా డిపాజిటర్‌కు అందిన ఆదాయమే. ఆదాయపు పన్ను శాఖ కంప్యూటర్‌లో 57,987 ఉంటుంది, రిటర్న్‌లో 52,188 ఉంటుంది, తేడా గురించి నోటీసు వస్తుంది. ఆదాయం తక్కువ చూపినవారు చాలాసార్లు ఆ టీడీఎస్‌ను తిరిగి అడగడం కూడా మరచిపోతారు. నిజమైన నష్టం అదే. ఇంకో రకం తప్పు, కోసిన పన్నును బ్యాంకు చార్జీల్లాగా ఖర్చులో వేయడం. అది ఖర్చు కాదు. కంపెనీ కట్టబోయే పన్నులోంచి ముందుగా చెల్లిన భాగం. రిటర్న్ దాఖలు చేసి, పన్ను లెక్క తేలేదాకా అది ఆస్తిగానే ఉండాలి.

సొంత పేరు మీద డిపాజిట్లు పెట్టుకున్నవారి సంగతి కొంచెం వేరు. ఇలాంటి వడ్డీని ఏటేటా పుట్టినప్పుడు చూపాలా, చేతికొచ్చినప్పుడు చూపాలా అన్నది వారు ఎంచుకోవచ్చు. ఎంచుకున్న పద్ధతిని మాత్రం ఏటా అలాగే పాటించాలి. ఐదేళ్ల డిపాజిట్ పెట్టి మెచ్యూరిటీ నాడే ఆదాయం చూపుదామనుకుంటే ఒక ఇబ్బంది ఉంది. బ్యాంకు మాత్రం ఏటా పన్ను కోస్తూనే ఉంటుంది. ఏ ఆదాయం ఏ ఏడాది చూపిస్తే దాని టీడీఎస్‌ను ఆ ఏడాదే వాడుకోవాలన్నది ఆదాయపు పన్ను నియమాల్లో 37బిఎ నియమం. అందువల్ల నాలుగేళ్ల కోతను రిటర్న్‌లో ముందుకు మోసుకుంటూ పోవాలి, ఐదో ఏట ఐదేళ్ల వడ్డీ ఒక్కసారిగా మీద పడి పన్ను శ్లాబు పైకి జరగవచ్చు. ఏటేటా చూపుకోవడమే మామూలు కుటుంబాలకు మేలు.

తిరిగి కంపెనీ దగ్గరికి వస్తే, మార్చి 31 ఎంట్రీ మే 1న తీరాలి. ఆ రోజు బ్యాంకు రెండో మూడు నెలల వడ్డీ 35,551 లెక్కగడుతుంది. అందులో 22,987 పాత ఏడాదిదే, దాని మీద పన్ను కూడా పోయింది. కొత్త ఏడాది ఆదాయం 12,564 మాత్రమే. దాని మీద 1,256 కోసి, మొత్తం మీద 31,996 అసలులో కలుపుతుంది. పద్దు రాసేటప్పుడు డిపాజిట్ ఖాతాకు 31,996, టీడీఎస్ ఖాతాకు 1,256 డెబిట్. క్రెడిట్ వైపు రావలసిన వడ్డీ 20,688, వడ్డీ ఆదాయం 12,564. దీంతో రావలసిన వడ్డీ ఖాతా సున్నా అవుతుంది. పాత ఎంట్రీ గుర్తులేక మొత్తం 35,551ని కొత్త ఆదాయంగా రాస్తే 22,987 రెండేళ్లలోనూ ఆదాయమై కూర్చుంటుంది, రావలసిన వడ్డీ ఖాతాలో ఎవరూ ఇవ్వని బాకీ మిగిలిపోతుంది. మే నెలాఖరున ఆ ఖాతాలో నిల్వ ఉంటే దాన్ని బట్టే తప్పు పట్టుకోవచ్చు.

లెక్కను గట్టిగా చూసేవారికి ఒక సందేహం రావచ్చు. 12,564 ఏప్రిల్ నెల ఒక్కదానిది. ముప్పై రోజులకు రోజుల లెక్క కడితే 11,688 మాత్రమే వస్తుంది. బ్యాంకు నిండు మూడు నెలలను 89 రోజులుగా కాక ఏడాదిలో నాలుగో వంతుగా లెక్కించి, మధ్యలో తెగిన కాలాన్ని మాత్రం రోజుల్లో లెక్కించడం వల్ల ఈ తేడా పుట్టింది. ఇది తప్పు కాదు, సరిదిద్దాల్సిన పనీ లేదు. సంవత్సరాంతపు అంకెను కాలిక్యులేటర్ మీద కాకుండా బ్యాంకు సర్టిఫికెట్ నుంచి తీసుకోవడానికి ఇదొక కారణం. అప్పుడు కంపెనీ పుస్తకంలోని అంకె, 26ఏఎస్‌లోని అంకె రూపాయి తేడా లేకుండా కలుస్తాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చినందున మే నెల కోత పక్కన 194ఎ అనే పాత సెక్షన్ నంబరు ఉండదు. పద్దు రాసే తీరు మాత్రం మారదు.