అలీబాబా షేరు కొంటే ఏం కొన్నట్టు?

న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో BABA గుర్తుతో అమ్ముడయ్యే షేరు కొన్నవాళ్లను అడిగితే, చైనా కంపెనీలో వాటా కొన్నామంటారు. కాగితం మీద చూస్తే ఆ కంపెనీ కేమన్ దీవులది. ఇదేమీ ఎవరో తవ్వి తీసిన రహస్యం కాదు. అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీకి అలీబాబా ఏటా ఇచ్చే ఫారంలో మొదటి పేజీలోనే ఉంటుంది.

ఆ ఫారం పేరు 20-F. అమెరికా కంపెనీలు 10-K ఇస్తాయి. అక్కడి మార్కెట్లో నమోదైన విదేశీ కంపెనీలు చాలావరకు 20-F ఇస్తాయి, అదీ ఆర్థిక సంవత్సరం ముగిసిన నాలుగు నెలల్లోగా. ఎస్‌ఈసీ వారి EDGAR వెబ్‌సైటులో కంపెనీ పేరు కొడితే ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. వందల పేజీలుంటాయి గానీ మొదటి నుంచి చివరిదాకా చదవాల్సిన పని లేదు. అంశాల సంఖ్యలు అన్ని కంపెనీలకూ ఒకటే: వ్యాపారం గురించి Item 4లో, వాటాదారుల గురించి Item 7లో.

అయినా ముందు అట్ట చూడాలి. అక్కడ కంపెనీ ఎక్కడ పుట్టింది, ఆ ఏడాది చివర ఎన్ని షేర్లున్నాయి అనేవి ఉంటాయి. 2024 మార్చి 31 నాటికి అలీబాబాకు దాదాపు 1,947 కోట్ల సాధారణ షేర్లున్నాయి. తొందరపడే పాఠకుడు బోల్తా పడేది ఇక్కడే. న్యూయార్క్‌లో చేతులు మారేది సాధారణ షేరు కాదు, ఏడీఎస్ అనే డిపాజిటరీ పత్రం. ఒక్కో ఏడీఎస్ ఎనిమిది సాధారణ షేర్లకు సమానం. లెక్క కోసం ఏడీఎస్ ధర 80 డాలర్లు అనుకుందాం. దాన్ని 1,947 కోట్లతో గుణిస్తే కంపెనీ విలువ ఒకటిన్నర లక్షల కోట్ల డాలర్లు దాటుతుంది. ముందు ఎనిమిదితో భాగించి, 243 కోట్ల ఏడీఎస్‌లతో గుణిస్తే వచ్చేది సుమారు 19,500 కోట్ల డాలర్లే. ఈ ఎనిమిది రెట్ల తేడాకు కారణమైన మాట అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఇక Item 4. ఆదాయం ఏ వ్యాపారం నుంచి వస్తోందో ఇక్కడ వివరంగా ఉంటుంది. దాని మూడో భాగమైన సంస్థాగత నిర్మాణం మాత్రం చాలామంది దాటేస్తారు. అసలు కథ అక్కడుంది. ఇంటర్నెట్ వ్యాపారాల్లో కొన్నింటిలో విదేశీ యాజమాన్యాన్ని చైనా చట్టం పరిమితం చేస్తుంది. అందుకని ఆ లైసెన్సులున్న సంస్థలు చైనా పౌరుల పేరిట ఉంటాయి. కేమన్ కంపెనీకి వాటిలో వాటా ఉండదు, ఒప్పందాలుంటాయి. ఆ ఒప్పందాల బలంతోనే వాటి లాభనష్టాలను తన ఖాతాలో కలుపుకుంటుంది. కోర్టులు వాటిని అమలు చేయించకపోతే ఏమవుతుందన్నది నష్టభయాల జాబితాలో కంపెనీయే రాసుకుంటుంది. అయితే ఆదాయంలో అధికభాగం తాను నేరుగా వాటా ఉంచుకున్న అనుబంధ సంస్థలదేనని కూడా చెబుతుంది. రెండు మాటలూ చదివితేనే ప్రమాదం ఎంతో సరిగా అంచనాకొస్తుంది.

Item 7లో పెద్ద వాటాదారుల పట్టిక ఉంటుంది. కంపెనీ షేర్ల పుస్తకంలో సిటీబ్యాంక్ పేరు పెద్దగా కనిపించవచ్చు. ఏడీఎస్‌ల వెనకున్న షేర్లు దాచే డిపాజిటరీ అది, యజమాని కాదు. పట్టిక కింది ఫుట్‌నోట్లే అసలు చదవాల్సినవి. ఏ ట్రస్టు వెనక, ఏ దీవిలోని కంపెనీ వెనక ఎవరున్నారో తెలిసేది వాటివల్లే.

కానీ శాతాలు పూర్తి కథ చెప్పవు. 2014లో షేర్లు అమ్మకానికి పెట్టేనాటికి అలీబాబాలో సాఫ్ట్‌బ్యాంక్ వాటా మూడో వంతు పైనే, జాక్ మా వాటా పదిలోపే. అయినా డైరెక్టర్లలో సగానికి మించి పేర్లు సూచించే హక్కు సాఫ్ట్‌బ్యాంక్‌ది కాదు. ‘అలీబాబా పార్ట్‌నర్‌షిప్’ అనే బృందానిది. ఈ ఏర్పాటు మార్చాలంటే వాటాదారుల సమావేశంలో పడిన ఓట్లలో 95 శాతం కావాలి. దీనికి హాంగ్‌కాంగ్ ఎక్స్ఛేంజి ఒప్పుకోకపోవడం వల్లే అలీబాబా న్యూయార్క్ బాట పట్టింది. పట్టిక ఒక్కటే చూసినవాడికి సాఫ్ట్‌బ్యాంకే యజమానిలా తోస్తుంది.

అమెరికా కంపెనీల విషయంలో ఈ వెతుకులాట మరోలా సాగుతుంది. అక్కడ వాటాదారుల పట్టిక తరచు 10-Kలో కాకుండా, సమావేశానికి ముందు పంపే DEF 14A అనే పత్రంలో ఉంటుంది. 20-Fలో అన్నీ ఒకేచోట దొరకడం పాఠకుడికి కలిసొచ్చే సంగతి.

మొదటిసారి చదివేవారు తెలిసిన కంపెనీతో మొదలుపెట్టడం మేలు. హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ షేర్లు 2001 నుంచి న్యూయార్క్‌లో నమోదై ఉన్నాయి. అమెరికా లెక్కలో అదీ విదేశీ కంపెనీయే, ఏటా ఇచ్చేదీ ఇదే 20-F.