రాగి జావ మీద పీహెచ్‌డీ: కమిటీ అడగాల్సిన ప్రశ్నలు

పీహెచ్‌డీలో చేరిన వాళ్లు కోర్సు వర్కు అయ్యాక పరిశోధన ప్రణాళికను ఒక కమిటీ ముందు పెట్టాలి. మన దగ్గర దీన్ని సినాప్సిస్ ప్రెజెంటేషన్ అంటారు. స్కాలర్ స్లైడ్లు చూపిస్తారు. ఒక సభ్యుడు టైటిల్ పొడుగైందంటారు, ఇంకొకరు రిఫరెన్సులు పాతవంటారు, మరొకరు ఆబ్జెక్టివ్స్ నాలుగుంటే ఐదు చెయ్యమంటారు. ఆ మార్పులతో ఆమోదం వచ్చేస్తుంది. ఈ పని ఈ పద్ధతిలో అసలు జరుగుతుందా, జరిగినా జవాబు తేలుతుందా అనే రెండు సంగతులు చర్చకు రాకుండానే ఆ పూట గడిచిపోతుంది.

యూజీసీ 2022 నిబంధనలు పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు ఇచ్చాయి. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు కలుస్తాయి. ప్రతిపాదనను పరిశీలించి అంశాన్ని ఖరారు చేయడం, అధ్యయనం ఎలా చేయాలో దారి చూపడం రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ బాధ్యతేనని ఆ నిబంధనలే చెబుతున్నాయి. కాబట్టి పద్ధతి గురించి గుచ్చి గుచ్చి అడిగితే స్కాలర్‌ని ఇబ్బంది పెట్టినట్టు కాదు. కమిటీ ఉన్నదే అందుకు.

ఏం అడగాలో చెప్పడానికి ఒక ప్రతిపాదన కల్పించుకుందాం. హోమ్ సైన్స్ విభాగంలో ఒక స్కాలర్ "గురుకుల పాఠశాల బాలికల హిమోగ్లోబిన్‌పై రాగి జావ ప్రభావం" అనే అంశం ఎంచుకుంది. ఒక గురుకులంలో వందమంది అమ్మాయిలకు 90 రోజుల పాటు రోజూ 30 గ్రాముల రాగిపిండితో జావ ఇస్తారు. ఇంకో గురుకులంలో వందమందికి ఇవ్వరు. ముందూ తర్వాతా వేలి నుంచి రక్తం తీసి రెండు బడులనూ పోలుస్తారు. అంశం మంచిది, అవసరమూ ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఇలాంటి అంశానికి వద్దని చెప్పడానికి ఎవరికీ మనసొప్పదు. సరిగ్గా అందుకే కమిటీ గట్టిగా అడగాలి.

నేనైతే అన్నిటికంటే ముందు అడగాలనుకునే ప్రశ్న ఇది: "ఎంత తేడా వస్తుందనుకుంటున్నావమ్మా? అంత తేడా రావడానికి వీలుందా?"

చాలామంది స్కాలర్లు దీనికి "పెరుగుతుంది సార్" అని ఊరుకుంటారు. ఎంత పెరుగుతుందో అంకెలో చెప్పమనాలి. తయారై వచ్చిన స్కాలర్ పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తల నాయకత్వంలో 2021లో వచ్చిన సమీక్షను చూపించవచ్చు. చిరుధాన్యాలు క్రమంగా తింటే హిమోగ్లోబిన్ సగటున 13.2 శాతం పెరిగిందని అందులో ఉంది. అంటే 11 గ్రాములున్న అమ్మాయికి సుమారు గ్రామున్నర పెరగాలి. అప్పుడు కమిటీ రెండో మెట్టు ఎక్కాలి. ఆ సగటులో కలిసిన అధ్యయనాల్లో ఏ చిరుధాన్యం ఇచ్చారు, రోజుకు ఎంత, ఎన్నాళ్లు, మొలకెత్తించారా, పులియబెట్టారా, నీ జావ వాటిలో దేనికి దగ్గర? సగటు అంకెను తెచ్చి సొంత అధ్యయనానికి అతికించుకుంటే కుదరదు.

ఆ తర్వాత బోర్డు మీద ఒక లెక్క వేయించాలి. వంద గ్రాముల రాగుల్లో ఇనుము సుమారు 4.6 మిల్లీగ్రాములని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికలు చెబుతాయి. ముప్పై గ్రాముల్లో 1.4 మిల్లీగ్రాములు వస్తుంది. మన భోజనంలోని ఇనుములో ఒంటికి పట్టేది 8 శాతం అనుకుంటే, రోజుకు 0.11 మిల్లీగ్రాము. తొంభై రోజులకు పది మిల్లీగ్రాములు. ఇక 45 కిలోల అమ్మాయి ఒంట్లో రక్తం మూడు లీటర్ల దాకా ఉంటుంది. డెసిలీటర్‌కు ఒక గ్రాము హిమోగ్లోబిన్ పెరగాలంటే మొత్తం మీద 30 గ్రాములు కొత్తగా తయారవ్వాలి. గ్రాముకు 3.4 మిల్లీగ్రాముల చొప్పున దానికి వంద మిల్లీగ్రాముల ఇనుము కావాలి. మనం ఇస్తున్నది పది. అంటే రావాల్సిన తేడా గ్రాములో పదో వంతు.

రక్తం తక్కువున్న ఒళ్లు ఇనుమును ఎక్కువగా పీల్చుకుంటుందన్నది నిజమే. రెట్టింపు అనుకున్నా గ్రాములో అయిదో వంతే. రాగుల్లోని ఫైటేట్లు ఇనుమును పట్టి ఉంచుతాయి కాబట్టి తగ్గినా తగ్గవచ్చు. పైగా జావ ఇచ్చి ఉప్మా మానేస్తే, ఉప్మాలోని ఇనుమును ఇందులోంచి తీసేయాలి. రాగులు మంచివి కావని ఈ లెక్క చెప్పడం లేదు. కాల్షియం విషయంలో వాటికి సాటి వచ్చే ధాన్యం దొరకడం కష్టం. ఈ మోతాదుతో, ఈ వ్యవధిలో, ఈ కొలతలో ఫలితం కనబడే అవకాశం తక్కువని మాత్రమే చెబుతోంది. ఈ సంగతి మూడో ఏట తెలియడం కంటే మొదటి ఏట తెలియడం స్కాలర్‌కు ఎంతో మేలు.

ఇక్కడి నుంచి కొలత గురించిన ప్రశ్న దానంతటదే వస్తుంది. వేలికొస గుచ్చి చిన్న యంత్రంతో చూసే హిమోగ్లోబిన్ ఒకే మనిషిలో ఒక చుక్కకూ ఇంకో చుక్కకూ మారుతుంటుంది. రక్తం రాలేదని వేలు గట్టిగా పిండితే కణజాల ద్రవం కలిసి అంకె పడిపోతుంది. సిరలోంచి తీసిన రక్తాన్ని ల్యాబు యంత్రంలో పరీక్షించడమే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్గదర్శకాల్లో సూచించింది. "అయిదో వంతు గ్రాము తేడా పట్టుకోవాలంటున్నావు, నీ పరికరం అంత సన్నని తేడా పట్టగలదా? ఒకే అమ్మాయికి రెండుసార్లు చూసి తేడా రాసుకున్నావా?" అని అడగాలి. పదిమంది మీద ఈ చిన్న పరీక్ష చేసుకొచ్చిన స్కాలర్‌కీ, కంపెనీ బ్రోషర్ చూపించే స్కాలర్‌కీ మధ్య తేడా అక్కడికక్కడే తెలిసిపోతుంది.

తర్వాతది శాంపిల్. మన సినాప్సిసుల్లో ఎక్కువగా పొరపాటు జరిగేదీ, కమిటీలు ఎక్కువగా చూసీచూడనట్టు వదిలేసేదీ ఇక్కడే. రెండు వందల మంది అనగానే పెద్ద సంఖ్యలా వినిపిస్తుంది. కానీ జావ ఇచ్చేది అమ్మాయికి కాదు, బడికి. ఒకే బడి పిల్లలు ఒకే వంట తింటారు, ఒకే నీళ్లు తాగుతారు, ఒకే నర్సు దగ్గర మాత్రలు తీసుకుంటారు. వాళ్ల అంకెలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి కాబట్టి వందో అమ్మాయి చెప్పే కొత్త సంగతి చాలా తక్కువ. ఈ పోలికను గణాంక శాస్త్రంలో ఒక గుణకంతో కొలుస్తారు. దాన్ని 0.05 అనుకుంటే లెక్క ఇలా వస్తుంది:

1 + (100 − 1) × 0.05 = 5.95

ఒకే బడిలోని వందమందిని 5.95తో భాగిస్తే వచ్చేది సుమారు 17. అంటే ఆ వందమందీ వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన పదిహేడు మందితో సమానం. బడికి యాభైమందినే తీసుకుంటే గుణకం 3.45కు తగ్గుతుంది. హిమోగ్లోబిన్ విచలనం 1.2 గ్రాములనుకుని, అర గ్రాము తేడాను పట్టుకోవాలంటే మామూలు సూత్రం ప్రకారం వర్గానికి 91 మంది చాలు. 3.45తో గుణిస్తే 314 మంది అవుతారు, అంటే వర్గానికి ఏడు బడులు. అయిదో వంతు గ్రాము పట్టుకోవాలంటే వర్గానికి దాదాపు 39 బడులు కావాలి. అది ఒక స్కాలర్ చేయగల పని కాదు. ఇక వర్గానికి ఒక్క బడే ఉంటే ఎంతమందిని చేర్చినా లాభం లేదు. వచ్చిన తేడా జావదో, ఆ బడి వార్డెన్ శ్రద్ధదో విడదీసి చెప్పే దారి లేదు. అందుకే "ఎంతమంది?" అని అడిగి ఊరుకోకుండా "ఎన్ని బడులు?" అని అడగాలి.

బడిలో అప్పటికే ఏం జరుగుతోందో కూడా స్కాలర్‌కు తెలిసి ఉండాలి. ప్రభుత్వ కార్యక్రమం కింద కౌమార బాలికలకు వారానికొక ఐరన్ మాత్ర ఇస్తారు. అందులో ఉండేది 60 మిల్లీగ్రాములు. వారం మొత్తం జావలో వచ్చే ఇనుము పది మిల్లీగ్రాముల లోపే. ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర కూడా వేస్తారు. ఒక బడిలో మాత్రలు సక్రమంగా మింగించి ఇంకో బడిలో మింగించకపోతే జావ ప్రభావం దాని కింద మునిగిపోతుంది. జావ లేని బడి దొరకడమూ తేలిక కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 2023 మార్చి నుంచి వారంలో మూడు రోజులు రాగి జావ ఇచ్చారు. ప్రతిపాదనలో "కంట్రోల్ గ్రూప్" అని రాసిన చోట వేలు పెట్టి, "ఈ బడి పేరేమిటి? అక్కడ ఉదయం ఏం పెడుతున్నారు? వెళ్లి చూశావా?" అని అడిగితే చాలు.

అనుమతుల సంగతి స్కాలర్లు చివరి స్లైడులో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కానీ ఏడాది తినేసేది అదే. యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ, గురుకులాల సొసైటీ, ప్రిన్సిపాల్, ఆపై తల్లిదండ్రుల సమ్మతి, ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం పిల్లల అంగీకారం. తల్లిదండ్రులు ఊళ్లో ఉంటారు, పిల్లలు హాస్టల్లో ఉంటారు. సంతకాలు ఎవరు, ఎప్పుడు, ఎలా తెస్తారు? బడులు తెరిచేది జూన్‌లో. దసరా, సంక్రాంతి సెలవులు, పరీక్షలు తీసేస్తే అమ్మాయిలు వరుసగా తొంభై రోజులు హాస్టల్లో ఉండే కాలం ఏది? క్యాలెండర్ ముందు పెట్టి వేలితో చూపించమనాలి. ఆ కిటికీ తప్పితే మళ్లీ జూన్ దాకా ఆగాల్సిందే. ఇంకో సంగతి, హిమోగ్లోబిన్ 8 లోపు ఉన్న అమ్మాయి కనబడితే అధ్యయనం కోసం ఆమెను అలాగే ఉంచడం తప్పు. వెంటనే ఆస్పత్రికి పంపాలి. ఎవరు పంపుతారు, ఏ ఆస్పత్రికి, ఆమె అంకెల్ని విశ్లేషణలో ఏం చేస్తారు అన్నది ముందే రాసి ఉండాలి.

చివరగా ఖాళీ పట్టికలు అడగాలి. థీసిస్‌లో రాబోయే ముఖ్యమైన పట్టికను అంకెలు లేకుండా గీసి తెమ్మంటే, ఏ గడిలో ఏం వస్తుందో స్కాలర్‌కు తెలుసో లేదో బయటపడుతుంది. దాని పక్కనే ఇంకో ప్రశ్న ఉంది. "ఆ గడుల్లో తేడా ఏమీ లేదని వస్తే నువ్వు ఏం రాస్తావు?" తేడా లేకపోయినా చెప్పడానికి ఏదైనా మిగిలే అధ్యయనమే ఆమోదించదగ్గది.

ఈ ప్రశ్నలన్నీ అడిగాక మన స్కాలర్ ఇంటికి ఉత్త చేతులతో వెళ్లనక్కర్లేదు. ఒకే గురుకులంలో, గిన్నెలో పోసిన జావ ఎంత, తాగింది ఎంత, పారబోసింది ఎంత అని తూకం వేసి చూడవచ్చు. రాగుల్ని మొలకెత్తించి, నిమ్మరసం తోడు చేస్తే ఒంటికి పట్టే ఇనుము ఎంత పెరుగుతుందో ల్యాబులో కొలవవచ్చు. ఆ రెండూ ఒక మనిషి రెండేళ్లలో చేయగల పనులు, ఏ జవాబు వచ్చినా వంటింటికి పనికొచ్చేవి. హిమోగ్లోబిన్ ప్రశ్నను చాలా బడులతో, పెద్ద బృందం చేయనివ్వండి. కమిటీల్లో కూర్చునే అధ్యాపకులకు నా మనవి ఒక్కటే. ఆశించిన తేడా, దానికి కావాల్సిన మోతాదు, బడుల లెక్క, క్యాలెండరు ఒకే కాగితం మీద రాయించుకుని చదివాకే సంతకం పెట్టండి.