పేజీ వెళ్లేముందు సరిచూసిందెవరు?

2025 మే 18, ఆదివారం. అమెరికాలోని షికాగో సన్-టైమ్స్ దినపత్రికతో పాటు వేసవి ప్రత్యేక అనుబంధం ఒకటి పాఠకుల ఇళ్లకు చేరింది. సెలవుల్లో చదవదగ్గ పుస్తకాలంటూ అందులో 15 పేర్లతో ఒక జాబితా ఉంది. ఇసబెల్ అయెండె రాసిన ‘టైడ్‌వాటర్ డ్రీమ్స్’, ఆండీ వియర్ రాసిన ‘ది లాస్ట్ ఆల్గరిథమ్’ వగైరా. రచయితలందరూ నిజమైనవాళ్లే, పేరున్నవాళ్లే. పుస్తకాల్లో మాత్రం 10 ఈ లోకంలోనే లేవు. ఎవరూ రాయలేదు, ఎవరూ అచ్చువేయలేదు. కొనుక్కుందామని వెతికిన పాఠకులకు అవి ఎక్కడా దొరకలేదు. రెండు రోజుల్లో సంగతి బయటపడింది.

ఆ పేజీలు సన్-టైమ్స్ విలేకరులు రాసినవి కావు. హర్స్ట్ సంస్థకు చెందిన కింగ్ ఫీచర్స్ నుంచి కొన్నవి. ఫిలడెల్ఫియా ఇన్‌క్వైరర్ పత్రికలోనూ అవే పేజీలు వచ్చాయి. జాబితా రాసిన ఫ్రీలాన్స్ రచయిత తాను ఏఐ సాయం తీసుకున్నానని, అది ఇచ్చినదాన్ని సరిచూడలేదని ఒప్పుకున్నారు. సరఫరా చేసిన సంస్థ, రచయిత చూసే ఉంటారనుకుంది. పత్రిక, సరఫరా చేసిన సంస్థ చూసే ఉంటుందనుకుంది. ఆ ఏడాది మార్చిలోనే స్వచ్ఛంద విరమణ పథకం కింద ఆ పత్రిక తన సిబ్బందిలో దాదాపు ఐదో వంతును పోగొట్టుకుంది. ఇలాంటి అనుబంధాలను తిరగేసి చూసే తీరిక ఎవరికీ లేకపోయింది.

ఆ జాబితాను ఎవరూ చదవలేదని అనుకోలేం. పేజీ కట్టేవాళ్ల కళ్లైనా దాని మీద పడే ఉంటాయి. కానీ చదవడం వేరు, సరిచూడటం వేరు. చదివేటప్పుడు మనసు వాక్యం సాఫీగా ఉందా లేదా అన్నదే పట్టించుకుంటుంది. ఏఐ రాసే వాక్యం ఎప్పుడూ సాఫీగానే ఉంటుంది. అయెండె పర్యావరణ మార్పు మీద నవల రాశారంటే ఎవరికైనా నమ్మబుద్ధేస్తుంది. నమ్మదగ్గట్టు ఉన్నదాన్ని పేర్చడమే ఈ సాధనాల పని. నిజమా కాదా అని పోల్చుకునే పని వాటంతట అవి చేయవు. అందుకే సరిచూడటమంటే కాపీని మళ్లీ ఒకసారి చదవడం కాదు, అందులోని ప్రతి విషయాన్ని కాపీకి బయట ఉన్న ఆధారంతో పోల్చడం. పుస్తకం పేరైతే ప్రచురణకర్త జాబితాలో వెతకాలి, ఐఎస్‌బీఎన్ నంబరు చూడాలి. ఇలా 15 పేర్లు చూడటం ఒక మనిషికి గంటలోపు పని.

పత్రికలు ఏఐ వాడకానికి పెట్టుకునే నియమాలన్నిటికీ ఈ తేడాయే మూలమని నా అభిప్రాయం. అది గుర్తించకపోతే ‘మా వాళ్లు చూశారు’ అన్న హామీకి కూడా విలువ ఉండదు. 2023 జనవరిలో సీనెట్ వెబ్‌సైట్ విషయంలో జరిగింది అదే. డబ్బు సంగతుల మీద ఏఐతో రాయించిన 77 కథనాలను ఆ సంస్థ ప్రచురించింది. ఎడిటర్లు సరిచూశారనీ చెప్పింది. చక్రవడ్డీ గురించి వివరించే కథనంలో, 10,000 డాలర్లు 3 శాతం వడ్డీకి వేస్తే మొదటి ఏడాది చివరికి 10,300 డాలర్లు సంపాదిస్తారని ఉంది. సంపాదించేది 300 డాలర్లే, అసలుతో కలిపితే 10,300. కాగితం మీద ఒక్క కూడిక వేసుంటే పట్టుబడే తప్పు. విషయం బయటపడ్డాక మొత్తం తిరగేసి చూసి 41 కథనాలకు సవరణలు వేశారు.

అదే సంవత్సరం ఆగస్టులో అసోసియేటెడ్ ప్రెస్ తన విలేకరులకు నియమాలు ప్రకటించింది. ఏఐ ఇచ్చిన దేనినైనా ఇంకా నిర్ధారణ కాని సమాచారంగానే చూడాలన్నది వాటిలో అసలైనది. ఎవరో ఫోన్ చేసి చెప్పిన కబురును ఎలా చూస్తామో, అలాగన్నమాట. ప్రచురించే వార్తను ఏఐతో రాయించవద్దని కూడా ఆ సంస్థ చెప్పింది. ప్రతి పత్రికా అంత గీత గీసుకోకపోవచ్చు. కానీ మొదటి నియమం లేకుండా మిగతావి ఎన్ని రాసుకున్నా నిలబడవు.

మన తెలుగు డెస్కుల సంగతికొస్తే, ఏఐ ఎక్కువగా పనికొచ్చేదీ, ఎక్కువగా ముంచేదీ అనువాదంలోనే. ఊహకు ఒక కాపీ తీసుకుందాం. ఒక కంపెనీ 1.2 బిలియన్ డాలర్లు పెట్టుబడి పెడుతుందని, ఆ కంపెనీ మాజీ అధికారి ఒకరిని మోసం ఆరోపణ మీద అరెస్టు చేశారని ఇంగ్లీషు ఏజెన్సీ వార్త. తెలుగులోకి వచ్చేసరికి పెట్టుబడి 1.2 కోట్ల డాలర్లవుతుంది. అధికారి ‘మోసం చేసి అరెస్టయిన’ మనిషవుతాడు. వాక్యాలు చక్కగా ఉన్నాయి, చదివితే ఎక్కడా తట్టుకోదు. నిజానికి బిలియన్ అంటే 100 కోట్లు, కాబట్టి పెట్టుబడి 120 కోట్ల డాలర్లు. వంద రెట్లు తేడా. రెండో తప్పు ఇంకా పెద్దది. కోర్టు ఇంకా తేల్చని నేరాన్ని పత్రికే తేల్చేసింది. పరువునష్టం నోటీసు వస్తే అది సాధనానికి రాదు, ఎడిటర్‌కు వస్తుంది.

ఇలాంటి కాపీని సరిచూసే పద్ధతి చాలా మామూలుది. మూలం ఒక పక్క, తెలుగు ఒక పక్క పెట్టుకుని సబ్ ఎడిటర్ ముందుగా అంకెలన్నిటికీ గుర్తు పెట్టాలి. తర్వాత మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, తేదీలు. ఆ తర్వాత కేసు ఏ దశలో ఉందో చెప్పే మాటలు: ఆరోపణా, అరెస్టా, చార్జిషీటా, శిక్షా? చివరగా కొటేషన్లు. అవి మూలంలో ఉన్నాయా, అన్న మనిషి పేరు అదేనా? ఈ గుర్తులన్నీ అయ్యాకే శైలి సంగతి. చాలాచోట్ల ఇది తలకిందులుగా జరుగుతుంది. భాష దిద్దేసరికి టైమ్ అయిపోతుంది, అంకెలు అలాగే వెళ్లిపోతాయి.

ఇంకొక నియమం కూడా తప్పనిసరి అంటాను. సాధనం వాడిన మనిషి, సరిచూసే మనిషి ఒక్కరే కాకూడదు. తాను రాబట్టుకున్న కాపీ మీద ఎవరికైనా కాస్త నమ్మకం పెరిగిపోతుంది. జిల్లా డెస్కులో రాత్రి 10 దాటాక ఇద్దరు ముగ్గురే ఉంటారు, ఒక్కో కాపీకి ఇద్దరేసి ఎక్కడినుంచి వస్తారన్నది న్యాయమైన ప్రశ్నే. అలాంటప్పుడు అంకెలు, పేర్లు, కేసు దశ ఈ మూడైనా రెండో మనిషి చూడాలి. చూసినవాళ్లు ఫైల్‌లో తమ పేరు, దేనితో పోల్చారో ఒక్క లైనులో రాసిపెట్టాలి. అదీ కుదరని రాత్రి ఆ కాపీ ఆపేయాలి. సరిచూడగలిగినంత మేరకే ఏఐ కాపీ తీసుకోవాలి తప్ప, ఏఐ కాపీ వస్తోంది కదా అని పేజీలు పెంచకూడదు.

పాఠకుడికి చెప్పడం ఆ తర్వాతి మెట్టు. సీనెట్ కథనాల మీద ‘సీనెట్ మనీ స్టాఫ్’ అని ఉండేది. ఆ పేరు మీద క్లిక్ చేస్తే తప్ప ఏఐ సంగతి తెలిసేది కాదు. అది చెప్పడం కాదు, దాచిపెట్టడం. అలాగని అక్షరదోషాలు దిద్దడానికి, ఇంటర్వ్యూ రికార్డింగును రాతలోకి మార్చుకోవడానికి వాడినప్పుడు కూడా ప్రకటన వేస్తే కొన్నాళ్లకు దాన్ని ఎవరూ చదవరు. పాఠకుడు చదివే వాక్యం సాధనం నుంచి వచ్చిందా అన్నదే గీటురాయి. వచ్చి ఉంటే బైలైన్ కిందే, మామూలు అక్షరాల్లో, జరిగింది జరిగినట్టు రాయాలి: ‘ఇంగ్లీషు నుంచి ఏఐ సాయంతో అనువదించి, మా డెస్కు మూలంతో పోల్చి చూసింది.’ ‘ఏఐ సాయంతో’ అని ఊరుకుంటే పాఠకుడికి ఏమీ తెలియదు. ఎవరు, దేనితో పోల్చారన్నదే అతనికి కావాల్సింది.

బొమ్మల దగ్గర నియమం మరింత కఠినంగా ఉండాలి. ఎందుకో హైదరాబాద్ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 2025 మార్చి నెలాఖరున కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లో జేసీబీలు చెట్లు కూల్చాయి. సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు ఆందోళన చేశారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని పనులు ఆపించింది. కూల్చివేత నిజం. అయితే ఆ రోజుల్లోనే జింకలు, నెమళ్లు బుల్డోజర్ల ముందు పరుగెడుతున్నట్టు ఏఐతో చేసిన బొమ్మలు ఫోన్లన్నీ చుట్టేశాయి. ప్రభుత్వం వాటిని చూపి తప్పుడు ప్రచారం జరుగుతోందంది, పోలీసులు కేసులు పెట్టారు. కూలిన చెట్ల మీద సాగాల్సిన చర్చలో కొంత భాగం లేని జింకల మీదకు మళ్లింది. నిజమైన ఘటనకు కల్పిత బొమ్మ చేసే అన్యాయం ఇదే. అందుకే జరిగిన సంఘటనను చూపే చోట ఏఐ బొమ్మ ఏ రూపంలోనూ వేయకూడదు. కల్పిత బొమ్మే వార్త అయినప్పుడు మాత్రం వేయవచ్చు, అదీ కల్పితమని స్పష్టంగా చెప్పి.

ఫొటో ఎవరో పంపితే ఏం చేయాలి? వాట్సాప్‌లో ఫొటోగా వస్తే అందులోని కెమెరా వివరాలు పోతాయి, కాబట్టి అసలు ఫైలును డాక్యుమెంటుగా పంపమనాలి. దానికి ముందూ వెనకా తీసినవి కూడా అడగాలి. నిజంగా అక్కడ నిలబడి తీసినవాళ్ల ఫోన్లో సాధారణంగా ఒక్కటే ఫొటో ఉండదు. వెనక కనిపించే భవనాన్ని, రోడ్డు మలుపును ఉపగ్రహ మ్యాపుతో పోల్చాలి, తీసిన మనిషితో ఫోన్లో మాట్లాడాలి. దుకాణాల బోర్డుల మీద తెలుగు అక్షరాలు వంకర్లు పోయి అర్థం లేకుండా ఉంటే అనుమానించాల్సిందే. అయితే సాధనాలు మెరుగవుతున్న కొద్దీ ఈ గుర్తులు కనబడకుండా పోతున్నాయి. ఏఐ బొమ్మలను పట్టిస్తామనే సాఫ్ట్‌వేర్లు చెప్పేది అవకాశం ఎంత అన్నదే, తీర్పు కాదు. పలుసార్లు ఫార్వర్డ్ అయి నాణ్యత తగ్గిన ఫొటో దగ్గర అవి పొరబడతాయి కూడా. ఎక్కడినుంచి వచ్చిందో తేలని ఫొటోను పక్కన పెట్టడమే మేలు.

వ్యాసాలకు, కథలకు వేసే ఊహాచిత్రాలకు ఏఐ వాడాలని పత్రిక అనుకుంటే ఆ మాట క్యాప్షన్‌లో వేస్తే చాలదు. మన పేజీలు క్లిప్పింగులుగా కత్తిరించుకుని వాట్సాప్‌లో తిరుగుతాయి, క్యాప్షన్ కత్తెరకు పోతుంది. ‘ఏఐతో చేసిన ఊహాచిత్రం’ అన్నది బొమ్మ లోపలే, కత్తిరిస్తే బొమ్మ పాడయ్యే చోట ఉండాలి.

నియమం రాసుకున్నంత మాత్రాన అమలవుతుందని లేదు. పాకిస్తాన్‌లోని డాన్ పత్రికకు ఏఐ విధానం ముందునుంచే ఉంది. అయినా 2025 నవంబరు 12న వాహనాల అమ్మకాల మీద వచ్చిన వార్త చివర, ఇంకాస్త ఆకట్టుకునేలా రాసి ఇవ్వమంటారా అని సాధనం అడిగిన మాటలు అలాగే అచ్చయ్యాయి. చివరి పేరా వరకూ ఎవరూ చూడలేదన్నమాట. ఆ పత్రిక తర్వాత చేసిన పని మాత్రం గమనించదగ్గది. వెబ్‌సైట్‌లో ఆ మాటలు తీసేసి ఊరుకోలేదు. ఈ వార్తను దిద్దడానికి ఏఐ వాడారని, అది తమ విధానానికి విరుద్ధమని, దర్యాప్తు చేస్తున్నామని వార్త కిందే రాసింది. మన పత్రికల్లో సవరణ అంటే ‘పొరపాటున ప్రచురితమైంది, చింతిస్తున్నాం’ అన్న ఒక్క లైను. ఏఐ వల్ల వచ్చిన తప్పుకు అది చాలదు. ఏ తేదీన, ఏ పేజీలో, ఏ వాక్యం తప్పో, సరైనదేమిటో, అది సాధనం నుంచి వచ్చిందో లేదో, ఏ దశలో సరిచూడలేదో ఆ నాలుగైదు లైన్లలో ఉండాలి. ఈ-పేపర్లోనూ, వెబ్‌సైట్లోనూ పాత కథనం పక్కనే అది కనబడాలి.