ఆక్సిజన్ దగ్గర అంకె ఎందుకు దిగింది?

వాయుస్థితిలో ఒంటరిగా ఉన్న పరమాణువు నుంచి అన్నిటికన్నా వదులుగా ఉన్న ఎలక్ట్రాన్‌ను లాగేయడానికి పట్టే శక్తిని అయనీకరణ శక్తి అంటాం. ఇంటర్ పాఠ్యపుస్తకంలో దీని పట్టిక చూసిన ప్రతి విద్యార్థికీ ఒకచోట చూపు ఆగుతుంది. మోల్‌కు కిలోజౌళ్లలో కార్బన్‌కు 1087, నైట్రోజన్‌కు 1402, ఫ్లోరిన్‌కు 1681. మధ్యలోని ఆక్సిజన్‌కు మాత్రం 1314. నైట్రోజన్ కన్నా ఒక ప్రోటాన్ ఎక్కువున్న ఆక్సిజన్, ఎలక్ట్రాన్‌ను ఇంకా గట్టిగా పట్టుకోవాలి కదా?

ముందు ఆ పట్టు ఎంతో లెక్క వేద్దాం. నైట్రోజన్ కేంద్రకంలో 7 ప్రోటాన్లున్నా, బయటి ఎలక్ట్రాన్‌కు ఆ ఏడింటి ఆకర్షణా పూర్తిగా అందదు. మిగతా ఎలక్ట్రాన్లు తెరలా అడ్డుపడతాయి. ఆ తెర మందాన్ని అంచనా వేయడానికి అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త జాన్ స్లేటర్ 1930లో సులువైన నియమాలిచ్చాడు. బయటి కర్పరంలోని s, p ఎలక్ట్రాన్ విషయంలో, అదే కర్పరంలో తోడున్న ఒక్కో s, p ఎలక్ట్రాన్‌కు 0.35, దాని కింది కర్పరంలోని ఒక్కోదానికి 0.85, ఇంకా లోపలివాటికి ఒక్కోదానికి 1 చొప్పున కలపాలి. ఆ మొత్తమే పరిరక్షక స్థిరాంకం S. దాన్ని పరమాణు సంఖ్య నుంచి తీసేస్తే ఎలక్ట్రాన్‌కు నిజంగా అందే ఆవేశం వస్తుంది: Zeff = Z − S.

నైట్రోజన్ బయటి కర్పరంలో 5 ఎలక్ట్రాన్లున్నాయి. చాలామంది ఇక్కడే తప్పుతారు, ఐదింటినీ లెక్కలోకి తీసుకుంటారు. ఏ ఎలక్ట్రాన్ కోసం లెక్క వేస్తున్నామో అది తనకు తానే తెర కాలేదు, కాబట్టి మిగిలినవి 4. నాలుగు 0.35లు 1.40, లోపలి రెండింటికి 1.70, కలిపితే 3.10. ఏడులోంచి తీసేస్తే 3.90. ఆక్సిజన్‌కు బయట తోడు ఎలక్ట్రాన్లు 5, అంటే 1.75, లోపలివాటితో కలిపి 3.45. ఎనిమిదిలోంచి తీసేస్తే 4.55.

ఒక ప్రోటాన్ పెరిగితే ఆకర్షణ 1 పెరిగింది, తెర 0.35 మాత్రమే మందమైంది. ఈ లెక్క ప్రకారం ఆక్సిజన్‌దే గట్టి పట్టు. స్లేటర్ పద్ధతిలోనే, ఎలక్ట్రాన్ పోకముందూ పోయాకా ఉన్న శక్తుల తేడా కడితే నైట్రోజన్‌కు సుమారు 12.9, ఆక్సిజన్‌కు 14.2 ఎలక్ట్రాన్ వోల్టులు వస్తాయి. కొలిచి చూస్తే 14.5, 13.6. లెక్క తలకిందులైంది.

తప్పు ఆ 0.35లో ఉంది. తోడు ఎలక్ట్రాన్ పక్క ఆర్బిటాల్‌లో ఉన్నా, అదే ఆర్బిటాల్‌లో ఉన్నా స్లేటర్ లెక్కలో తేడా లేదు. పరమాణువులో మాత్రం ఉంది. నైట్రోజన్‌లోని మూడు p ఎలక్ట్రాన్లూ మూడు ఆర్బిటాళ్లలో ఒక్కొక్కటిగా, ఒకే దిశ స్పిన్‌తో ఉంటాయి. ఒకే స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్లు సహజంగానే ఒకదానికొకటి ఎడంగా మసలుతాయి, దాంతో వికర్షణ తగ్గుతుంది. ఆక్సిజన్‌లో వచ్చే నాలుగోదానికి ఖాళీ p ఆర్బిటాల్ మిగల్లేదు. అది ఎదురు స్పిన్‌తో మరొకదాని ఆర్బిటాల్‌లోనే సర్దుకోవాలి. ఎడంగా మసలే వెసులుబాటు పోయింది, వికర్షణ పెరిగింది. అందుకే దాన్ని లాగేయడం తేలిక.

“సగం నిండిన ఆర్బిటాళ్లు స్థిరం” అనే జవాబును మన పిల్లలు కంఠతా పడతారు. అది చాలదని నా అభిప్రాయం. బోరాన్ నుంచి కార్బన్‌కు 286, కార్బన్ నుంచి నైట్రోజన్‌కు 316 కిలోజౌళ్లు పెరిగాయి. అంటే నైట్రోజన్ అసాధారణంగా ఎగబాకలేదు, ఆక్సిజనే కిందికి జారింది. ఆ తర్వాత ఫ్లోరిన్, నియాన్‌ల వైపు పెరుగుదల మళ్లీ మామూలే.

సల్ఫర్‌దీ ఇదే కథ. స్లేటర్ లెక్కలో ఫాస్ఫరస్‌కు 4.80, సల్ఫర్‌కు 5.45 వస్తాయి. కొలిచిన అయనీకరణ శక్తులు మాత్రం 1012, 1000. ఇక్కడ దిగినది 12 మాత్రమే, ఆక్సిజన్ దగ్గర 88. మూడో కర్పరపు p ఆర్బిటాల్ పెద్దది. అందులో ఇద్దరు సర్దుకున్నా అంత ఇరుకు ఉండదు.

ఈ వివరణ నిజమో కాదో తేల్చే పరీక్ష కూడా పట్టికలోనే ఉంది. ఒక్కో ఎలక్ట్రాన్ ముందే తీసేసి, రెండోదాన్ని లాగి చూడాలి. అప్పుడు మూడు p ఎలక్ట్రాన్లతో మిగిలేది ఆక్సిజన్ అయాన్, నాలుగింటితో మిగిలేది ఫ్లోరిన్ అయాన్. కాబట్టి దిగుడు ఫ్లోరిన్‌కు జరగాలి. రెండో అయనీకరణ శక్తి ఆక్సిజన్‌కు 3388, ఫ్లోరిన్‌కు 3374.