ఇంటి ఫొటోల దిద్దుబాటు: వెలుతురు, కోణం, చెమ్మ మరక

కెమెరా ఎక్స్‌పోజర్ అంటే ఏమిటో, ఫొటోలోని వెలుతురును 0 నుంచి 255 వరకు అంకెలతో ఎలా కొలుస్తారో కిందటి విభాగంలో తెలుసుకున్నారు. ఆ జ్ఞానాన్ని ఒక నిత్యజీవిత సందర్భానికి వర్తింపజేయడం ఈ విభాగం ఉద్దేశం. అమ్మకానికి పెట్టిన ఇంటి ఫొటోను ఎంతవరకు దిద్దవచ్చు? ఏ అడుగు దగ్గర దిద్దుబాటు మోసంగా మారుతుంది?

ఈ ప్రశ్న శేరిలింగంపల్లి వంటి చోట ఎక్కువగా ఎదురవుతుంది. కొండాపూర్, నల్లగండ్ల, చందానగర్ వైపు పాత ఫ్లాట్లు చేతులు మారుతుంటాయి. కొనేవారు చాలాసార్లు ఊళ్ళో ఉండరు. బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉద్యోగం చేస్తూ, ఫోనులో ఎనిమిది పది ఫొటోలు చూసి, ఇల్లు చేయి దాటిపోతుందేమోనని టోకెన్ అడ్వాన్సు పంపేస్తారు. ఇంటిని కళ్ళతో చూడకముందే డబ్బు కదులుతోంది కాబట్టి, అంతవరకు వారికి ఆ ఫొటోయే ఇల్లు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. చందానగర్‌లో మూడో అంతస్తులో ఉన్న, పన్నెండేళ్ళ నాటి రెండు పడకగదుల ఫ్లాటు అనుకోండి. హాలులో పడమటి కిటికీ ఉంది. పెద్ద పడకగదిలో ఒక గోడకు అవతల బాత్‌రూం ఉంది. ఆ గోడ అడుగున, నేల నుంచి మోకాలెత్తు వరకు, లేత పసుపు రంగు చెమ్మ మరక వ్యాపించింది. అక్కడక్కడ పెయింటు ఉబ్బింది. వేలితో రాస్తే తెల్లటి పొడి రాలుతుంది. బాత్‌రూం టైల్స్ సందుల గుండా నీరు గోడలోకి దిగుతోందనడానికి ఇవి గుర్తులు. పైన మళ్ళీ పెయింటు వేసినంత మాత్రాన ఇది పోదు. సాధారణంగా టైల్స్ తీసి వాటర్‌ప్రూఫింగ్ మళ్ళీ చేయించవలసి వస్తుంది. కొనేవారి జేబుకు సంబంధించిన విషయం కనుక మన చర్చకు ఈ మరకే కేంద్రం.

తప్పు కెమెరాదా, ఇంటిదా?

ముందు హాలు ఫొటో చూడండి. కిటికీ తెల్లగా వెలిగిపోతూ, గది గుహలా చీకటిగా వచ్చింది. నిజానికి ఆ గది చీకటిది కాదు. మన కన్ను కిటికీని చూసినప్పుడు ఒకలా, మూలను చూసినప్పుడు మరోలా సర్దుకుంటుంది. కెమెరా మొత్తం దృశ్యానికి ఒకే ఎక్స్‌పోజర్ ఎంచుకుంటుంది. కిటికీ వెలుగు ఎక్కువగా ఉంటే దాన్ని అదుపు చేయడానికి గదిని చీకటి చేస్తుంది. ఇది కెమెరా తప్పు, దిద్దవచ్చు. స్నాప్‌సీడ్‌లో అయితే `Tune Image` తెరిచి `Shadows` పెంచి, `Highlights` తగ్గించాలి. అంతకంటే మంచి పద్ధతి ఉదయం పూట, పడమటి కిటికీలోంచి నేరుగా ఎండ పడని వేళ ఫొటో తీయడం. సాఫ్ట్‌వేరుతో చేసే పనిలో సగం ఆ వేళ ఎంపికతోనే తీరిపోతుంది.

హాలులో దండెం మీద ఆరేసిన బట్టలు, మూలన చీపురు కూడా ఫొటోలో పడ్డాయి. వాటిని తీసేయవచ్చా? ఇక్కడ ఒక ప్రశ్న వేసుకుంటే చాలు: ఆ వస్తువు అమ్మేవారితో వెళ్ళిపోతుందా, కొనేవారికి మిగిలిపోతుందా? బట్టలు, చీపురు వెళ్ళిపోతాయి. చెమ్మ, గోడలోని పగులు, కిటికీకి ఎదురుగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్, బాల్కనీ ముందు నుంచి పోయే హైటెన్షన్ తీగలు మిగిలిపోతాయి. వెళ్ళిపోయేవాటిని కూడా ఫొటో తీసే ముందు చేత్తో తీసి పక్కన పెట్టమనే నేను చెబుతాను. జింప్‌లోని `Heal` పరికరంతో చీపురును చెరిపితే, దాని వెనుక గోడ ఎలా ఉందో సాఫ్ట్‌వేరుకు తెలియదు. చుట్టుపక్కల గోడను చూసి కొత్త గోడను అల్లుతుంది. ఆ చీపురు వెనుకే ఒక పగులు ఉంటే, మీకు తెలియకుండానే దాన్ని మాయం చేసినవారవుతారు.

వెలుతురు పెంచితే మరక ఎలా మాయమవుతుంది

చెరిపేస్తేనే మోసం, వెలుతురు పెంచడంలో తప్పేముంది అని చాలామంది అనుకుంటారు. అంకెలతో పరీక్షిద్దాం.

పడకగది ఫొటో కాస్త చీకటిగా వచ్చింది. పసుపు మరక నీలం చానెల్‌లో అన్నిటికంటే స్పష్టంగా తేలుతుంది కాబట్టి ఆ చానెల్‌నే చూద్దాం. మంచి గోడ దగ్గర విలువ 150, మరక దగ్గర 130 అనుకోండి. తేడా 20. ఇప్పుడు జింప్‌లో `Colors > Levels` తెరిచి, కుడి కొసన ఉన్న తెలుపు గుర్తును 255 నుంచి 160కి జరిపాం. అంటే ప్రతి విలువనూ 255/160తో, సుమారు 1.6తో, గుణిస్తున్నాం. గోడ 239 అవుతుంది, మరక 207 అవుతుంది. గది వెలుతురుగా మారింది, తేడా 32కు పెరిగింది. మరక నిజానికి ఇంకాస్త బాగా కనిపిస్తోంది. ఇది నిజాయితీ గల దిద్దుబాటు.

గుర్తును ఇంకా జరిపి 135 దగ్గర పెట్టామనుకోండి. గోడ విలువ 255 దాటాలి, కానీ అంతకు మించిన అంకె లేదు కనుక అక్కడే ఆగిపోతుంది. మరక 246కు చేరుతుంది. తేడా ఇక 9 మాత్రమే, ఫోను తెర మీద కన్ను పట్టుకోవడం కష్టం. 125 దగ్గర పెడితే గోడా 255, మరకా 255. చెరిపే పరికరాన్ని ముట్టుకోలేదు, అయినా మరక లేదు. పైగా గది ‘కళకళలాడుతూ’ ఉంటుంది. ప్రకటనల్లో కళ్ళు చెదిరే తెల్లటి గోడలు కనిపిస్తే నేను ముందు అనుమానించేది దీన్నే. సున్నం వేసిన గోడకు కూడా మూలల్లో కొంచెం నీడ ఉంటుంది. గోడ, పైకప్పు కలిసే గీత కూడా కనిపించకపోతే ఆ ఫొటో వెలుతురు హద్దు దాటిందని గ్రహించాలి.

వైట్ బ్యాలెన్స్ దగ్గర కూడా ఇదే ప్రమాదం ఉంది. పసుపు బల్బు వెలుగులో తీసిన ఫొటోలో గోడలన్నీ పసుపుగా వస్తాయి. అది కెమెరా తప్పే. దిద్దడానికి సాఫ్ట్‌వేరులోని రంగు పిక్కర్‌తో ‘ఇది తెలుపు’ అని ఒక చోటును చూపిస్తాం. ఆ చోటు పొరపాటున మరక మీద పడితే, సాఫ్ట్‌వేరు మరకనే తెలుపుగా భావించి ఫొటో మొత్తాన్ని నీలం వైపు లాగుతుంది. మరక రంగు పోతుంది. పాత స్విచ్‌బోర్డును తెలుపుగా చూపించినా నమ్మకం లేదు, ఏళ్ళ తరబడి అదీ పసుపెక్కి ఉంటుంది. గోడకు ఒక తెల్ల కాగితం ఆనించి ఒక ఫొటో తీసుకోండి. ఆ కాగితం మీద రంగు సరిచేసి, అదే సవరణను మిగిలిన ఫొటోలకు వాడండి.

సన్నని పగుళ్ళది ఇంకో కథ. చీకటి ఫొటోను వెలిగించినప్పుడు ఇసుక చల్లినట్టు మచ్చలు వస్తాయి. వాటిని నునుపు చేసే పరికరం వెంట్రుకవాసి పగుళ్ళను కూడా నునుపు చేసేస్తుంది. వాట్సాప్‌లో పంపినప్పుడు ఫొటో చిన్నదై మరికొంత పోతుంది. ఇందుకు ఒకటే ఉపాయం: లోపం ఉన్న చోట టేపు ఆనించి దగ్గరి ఫొటో వేరుగా తీయడం.

కోణం, గది కొలత

ఫోనును పైకో కిందికో వంచి తీస్తే గోడలు ఒకదాని వైపు ఒకటి ఒరిగినట్టు వస్తాయి. సుమారు నాలుగడుగుల ఎత్తున ఫోనును నిటారుగా పట్టుకుంటే ఈ చిక్కు చాలావరకు ఉండదు. మిగిలిన వంపును `Perspective` పరికరంతో సరిచేయవచ్చు. అయితే ఆ పరికరం ఫొటోను ఒక వైపు సాగదీస్తుంది కాబట్టి గది ఉన్నదానికంటే ఎత్తుగా కనిపించే వీలుంది. సరిచూడటానికి తలుపు పనికొస్తుంది. పడకగది తలుపు ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు ఉంటే, ఎదురుగా కనిపించే ఆ తలుపు ఎత్తు ఫొటోలో వెడల్పుకు 2.3 రెట్లు ఉండాలి. 2.9 రెట్లు వచ్చిందంటే పైకప్పును మీరు సాఫ్ట్‌వేరుతో లేపారన్నమాట.

ఫోనులో `0.5x` అని కనిపించే వైడ్ లెన్స్ దీనికంటే ఎక్కువ నష్టం చేస్తుంది. దగ్గరున్న నేలను పెద్దది చేసి, ఎదుటి గోడను దూరం నెడుతుంది. పదడుగుల గది పదహారడుగుల గదిలా అనిపిస్తుంది. ఇరుకు వంటగదికి, బాత్‌రూంకు మరో దారి లేక వాడినా, హాలుకు, పడకగదులకు `1x` వాడటమే మేలు. కొనేవారి వైపు నుంచి ఒక చిట్కా ఉంది. నేల మీద రెండడుగుల టైల్స్ ఉంటే గోడ నుంచి గోడకు లెక్కపెట్టండి. ఆరు టైల్స్ ఉంటే పన్నెండు అడుగులు. ఏ లెన్స్ వాడినా టైల్స్ సంఖ్య మారదు.

ఫొటోను కత్తిరించడం కూడా దిద్దుబాటే. బాల్కనీ ఫొటోలో చెరువును ఉంచి, పక్కనున్న హైటెన్షన్ తీగలను చట్రం బయటికి నెట్టేస్తే ఏ పరికరంతోనూ చెరపనవసరం లేదు. చెరువు విషయంలో `Saturation` కూడా జాగ్రత్తగా వాడాలి. నీటిని కప్పేసిన గుర్రపుడెక్క, ఆకుపచ్చ రంగు కాస్త పెంచితే, పచ్చిక మైదానంలా కనిపిస్తుంది.

చట్టం ఏమంటుంది

మన ఉదాహరణలోని ఫ్లాటు ఒక వ్యక్తి మరొకరికి అమ్ముతున్నది. దీనికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ వర్తిస్తుంది. వేరే ఒప్పందం లేనప్పుడు, అమ్మేవారికి తెలిసి, కొనేవారికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా పట్టుబడని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవారు చెప్పి తీరాలి. చెప్పకపోవడాన్ని ఆ సెక్షన్ మోసపూరితంగానే పరిగణిస్తుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, మోసగించే ఉద్దేశంతో, తెలిసిన వాస్తవాన్ని పనిగట్టుకొని దాచడం కూడా మోసమే. ఫొటోలో మరకను చెరపడం ఊరకే ఉండటం కాదు, ఒక పని చేయడం. ఈ తేడా గుర్తుంచుకోండి. బిల్డరు కొత్తగా కట్టి అమ్మే ఫ్లాట్లకు 2016 నాటి రెరా చట్టం ఉంది. ప్రకటననో నమూనా ఫ్లాటునో నమ్మి అడ్వాన్సు కట్టినవారు, అందులోని తప్పుడు సమాచారం వల్ల నష్టపోతే 12వ సెక్షన్ కింద పరిహారం కోరవచ్చు. కొనుగోలు మానుకోదలిస్తే కట్టిన మొత్తాన్ని వడ్డీతో సహా తిరిగి పొందవచ్చు.

మరక చూపిస్తే ఎవరు కొంటారని విద్యార్థులు అడుగుతుంటారు. చూపిస్తే బేరం ఫోనులోనే జరుగుతుంది, వాటర్‌ప్రూఫింగ్ ఖర్చు ధరలోంచి తగ్గుతుంది. దాస్తే అదే బేరం టోకెన్ చేతులు మారాక, కోపంతో జరుగుతుంది. కాబట్టి పడకగది ఫొటో కింద ఈ మాదిరిగా రాయాలి: ‘బాత్‌రూం వైపు గోడ అడుగున చెమ్మ ఉంది, తర్వాతి ఫొటోలో దగ్గరగా చూడవచ్చు. ఫొటోలో వెలుతురు, వంపు మాత్రమే సరిచేశాం.’ దిద్దని అసలు ఫొటోలను వేరే ఫోల్డరులో భద్రపరచండి. అడిగినవారికి చూపగలగాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

మీ ఇంట్లో మరక గానీ పగులు గానీ ఉన్న గోడను ఫొటో తీయండి. జింప్‌లో మంచి గోడ దగ్గర, లోపం దగ్గర నీలం చానెల్ విలువలను రాసుకోండి. `Levels`లో తెలుపు గుర్తును పదేసి చొప్పున ఎడమకు జరుపుతూ, ప్రతిసారీ రెండు విలువల తేడాను నమోదు చేయండి. తేడా ఏ అంకె దగ్గర తగ్గడం మొదలైంది? ఆ ఫొటోకు మీ హద్దు ఎక్కడ? నాలుగు వాక్యాలలో రాయండి.