బొటనవేలు వంగనప్పుడు బూటే దొర్లాలి

నడకలో ప్రతి అడుగు చివరా మడమ లేస్తుంది. ఒంటి బరువు ముందుకు జరిగి కాలి బొటనవేలి మొదట్లో ఉన్న కీలు మీద పడుతుంది. ఆ కీలు పైకి వంగితేనే పాదం నేలను తన్ని ముందుకు సాగుతుంది. మామూలు నడకకు సుమారు 40 డిగ్రీల వంపు కావాలి. కీలులోని మృదులాస్థి అరిగి, పైభాగాన ఎముక బొడిపెలా పెరిగితే ఆ వంపుకు అడ్డం పడుతుంది. ఇది కీళ్ల అరుగుదలే. వైద్యులు దీన్ని హాలక్స్ రిజిడస్ అంటారు.

తరగతి గదిలో రోజంతా నిలబడే ఒక ఉపాధ్యాయినిని ఊహించుకుందాం. మెట్లెక్కినా, గొంతుకు కూర్చున్నా బొటనవేలి పైన సలుపు. ఆ నొప్పి తప్పించుకోవడానికి తెలియకుండానే పాదం బయటి అంచు మీద నడుస్తుంది. కొన్నాళ్లకు చిటికెన వేలి వైపు కూడా నొప్పి మొదలవుతుంది. మెత్తగా ఉంటాయని పల్చటి రబ్బరు చెప్పులు కొంటే బాధ ఇంకా పెరుగుతుంది. అడుగు ఎంత సులువుగా మడిస్తే వేలు అంతగా వంగాల్సి వస్తుంది మరి.

కాబట్టి కావలసింది మడవని అడుగు. దుకాణంలోనే పరీక్షించవచ్చు: మడమను ఒక చేత్తో, ముందు కొసను ఇంకో చేత్తో పట్టుకుని వంచాలి. వేళ్ల దగ్గర మడతపడితే అది పనికిరాదు. ముందు భాగం పడవ కొసలా పైకి వంగి ఉంటే ఇంకా మంచిది. వేలు వంగకుండానే పాదం దాని మీద దొర్లిపోతుంది. దీన్నే రాకర్ సోల్ అంటారు. బొడిపె ఒరుసుకోకుండా బూటు ముందు భాగం వెడల్పుగా, ఎత్తుగా ఉండాలి. హైహీల్స్ వద్దు.

ఉన్న బూట్లనే వాడుకోవాలంటే లోపలి అట్ట కింద పల్చటి కార్బన్ ఫైబర్ పలక పెట్టుకోవచ్చు. ఆస్ట్రేలియాలో 100 మందిపై జరిపి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, 12 వారాల తర్వాత ఇలాంటి పలక వాడినవారికి ఉత్తుత్తి పలక వాడినవారికన్నా నొప్పి ఎక్కువగా తగ్గింది. రాకర్ సోల్ మొదట్లో తూలినట్టు అనిపిస్తుంది. నిలకడ తక్కువైన వృద్ధులకు పలకే నయం. మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారు ఏది వాడాలన్నా ముందు వైద్యుణ్ణి అడగాలి.

మన ఇళ్లలో చిక్కేమిటంటే, బయట బూటు వేసుకున్నా లోపల ఉత్త కాళ్లతోనే తిరుగుతాం. వంటగదిలో గంటల తరబడి నిలబడేవారు ఇంటికని గట్టి అడుగున్న చెప్పుల జత ఒకటి విడిగా పెట్టుకోవాలి.

రాత్రికి రాత్రే కీలు ఎర్రబడి, వేడెక్కి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి వస్తే అది గౌట్ కావచ్చు, చికిత్స వేరు. బూటు అరిగిన కీలును బాగుచేయదు, నొప్పిని తగ్గిస్తుంది. కొన్ని నెలలు వాడినా ఫలితం లేకపోతే ఎముకల వైద్యుణ్ణి కలవాలి. బొడిపెను చెక్కే శస్త్రచికిత్స, అరుగుదల ముదిరితే కీలును కదలకుండా అతికించే శస్త్రచికిత్స ఉన్నాయి.